చల్లటి చక్రం

నాకు కోపం ఎక్కువని మా వర్క్‌షాప్‌లో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు బ్రేకులతో బతికినవాడికి కోపం కాక ఇంకేం వస్తుంది? కొండ పైన క్వారీ, కొండ కింద రాళ్ళు పిండి చేసే క్రషర్, రెండింటికీ మధ్య మూడు కిలోమీటర్ల మట్టి రోడ్డు. అరవై టన్నుల రాయి ఎత్తుకుని ఆ రోడ్డు దిగే ప్రతి డంపరూ కాలుతూ నా దగ్గరికి వస్తుంది. ఆ కాలిన వాసన చొక్కాకి పట్టి వదలదు. మా ఆవిడ నా బట్టలు ఇప్పటికీ విడిగానే ఉతుకుతుంది.

ఇక్కడ నన్ను బ్రేకుల మేస్త్రి అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండనివ్వండి. నాకున్నది ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో చిట్టి అంటాం. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ, అయినా చిట్టే. హాయిగా ఆఫీసులో కూర్చునే ఉద్యోగం చూసుకోవే తల్లీ అంటే వినకుండా డంపర్ డ్రైవరయింది. ఎనిమిదేళ్ళుగా అది కొండ దిగే ప్రతిసారీ నేను చేస్తున్న పని ఆపి చెవులు రిక్కిస్తాను. బండి చప్పుడు వింటే చాలు, బ్రేకు ఎలా పట్టుకుంటోందో నాకు తెలిసిపోతుంది.

అలాంటిది, చప్పుడే లేని బండి తెచ్చి దాని చేతికిచ్చారు.

కరెంటు డంపర్. క్వారీ మొత్తానికి అదే మొదటిది. డీజిల్ ట్యాంకు ఉండాల్సిన చోట మంచమంత పొడుగు బ్యాటరీ పెట్టెలు. దాంతోపాటు ఒక ఇంజనీరమ్మ కూడా వచ్చింది. వయసులో మా చిట్టి కంటే రెండేళ్ళు పెద్దదేమో. అందరం ఆవిణ్ణి కరెంటు మేడం అనేవాళ్ళం. మొదటి రోజే నా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "మేస్త్రి గారూ, ఈ బండికి బ్రేకు ప్యాడ్లు అంత తొందరగా అరగవండీ" అంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసున్న నాకు చెప్పొచ్చిందని ఒళ్ళు మండిపోయింది. "కొండకి ఆ సంగతి తెలుసా మేడం?" అన్నాను. పాపం, నవ్వి ఊరుకుంది.

మొదటి ట్రిప్పు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చిట్టి రాయి దించి, బండిని వర్క్‌షాప్ ముందు ఆపింది. నేను అలవాటుగా నీళ్ళ గొట్టం పట్టుకుని దూరంగా నిలబడ్డాను. వాసన లేదు, పొగ లేదు. చిట్టి కేబిన్ మెట్లు దిగి, నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, చక్రం మధ్యలో ఉన్న ఇనుము మీద పెట్టింది. కాలుతుందని వెనక్కి గుంజుకోబోయాను. చల్లగా ఉంది. రాయీ బండీ కలిపి నూట అయిదు టన్నుల బరువుతో కొండ దిగిన బండి నా ముందు నిలబడింది, దాని చక్రం మా ఇంటి గుమ్మంలా చల్లగా ఉంది. మరి ఆ వేడంతా ఎక్కడికి పోయింది?

"బయటికి పోలేదు నాన్నా, లోపలికి పోయింది" అంది చిట్టి, బ్యాటరీ పెట్టె మీద తట్టి.

నాకు అర్థం కాలేదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం క్యారేజీ ముగించి కరెంటు మేడం దగ్గరికి వెళ్ళి, "ఇంతకీ ఏంటండీ దాని కథ?" అన్నాను. ఆవిడ మా పనిబల్ల మీద పిడికిలంత మోటారు ఒకటి పెట్టి, దాని ఇరుసుకి చిన్న చేతిపిడి తగిలించింది. మోటారు వైర్లకి ఒక బల్బు కట్టింది.

"తిప్పండి."

తిప్పాను. బల్బు వెలిగింది. పిడి మాత్రం గట్టిగా ఉంది, బావిలోంచి నిండు బకెట్ లాగుతున్నట్టు చేతికి ఎదురు తన్నింది.

"ఇప్పుడు తిప్పుతూనే ఉండండి" అని ఆవిడ ఒక వైరు ఊడదీసింది. బల్బు ఆరింది. పిడి ఒక్కసారిగా వట్టిదై గిర్రున తిరిగింది, నా మోచెయ్యి వెళ్ళి బల్లకి బిగించిన ఇనుప వైసుకి కొట్టుకుంది.

"చూశారా? కరెంటిస్తే తిరిగేదీ ఇదే, తిప్పితే కరెంటిచ్చేదీ ఇదే. చిట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిందనుకోండి, చక్రాలే మోటార్ని తిప్పుతాయి. అప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి పోతుంది. కరెంటు పోతుంటేనే మోటారు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. అదే దీని బ్రేకు. మీ బ్రేకు వేగాన్ని వేడి చేసి గాల్లో వదిలేస్తుంది. ఇది చేతనయినంత దాచుకుంటుంది."

"మొత్తం దాచుకుంటుందా?"

"మొత్తం ఎలా కుదురుతుందండీ? టైర్లు కొంత తింటాయి, వైర్లు కొంత తింటాయి. ఇంకో సంగతి, బండి మనిషి నడిచేంత నెమ్మదికి వచ్చాక ఇది పట్టు వదిలేస్తుంది. తిరుగుడే లేకపోతే కరెంటు ఎక్కడిది? పూర్తిగా ఆపాలన్నా, ఆపిన బండిని వాలులో నిలబెట్టాలన్నా మీ ప్యాడ్లే దిక్కు."

ఆ ఆఖరి మాటతో ఆవిడ మీద నాకు సగం కోపం పోయింది. మోచేతి నొప్పి మాత్రం రెండు రోజులుంది. ఆ నొప్పి చెప్పిన పాఠాన్ని నేను సరిగ్గా వినలేదని తర్వాత తెలిసింది.

అసలు వింత అంకెల్లో ఉంది. పొద్దున చిట్టి కింద బయల్దేరేటప్పుడు బ్యాటరీ నూటికి అరవై. ఖాళీ బండి కొండెక్కేసరికి యాభై రెండు. రాయి నింపుకుని దిగేసరికి అరవై రెండు. నేను అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. వెళ్ళినప్పటికంటే వచ్చేటప్పుడు రెండు ఎక్కువ.

"మీటరు తప్పు" అన్నాను.

"మీటరు కరెక్టే. ఎక్కేది ఒట్టి బండి, దిగేది బండీ రాయీ. దిగేటప్పుడు బరువు రెట్టింపు కంటే ఎక్కువ" అంది మేడం. "ఆ ఎక్కువ కరెంటు రాయి ఇస్తున్నది."

"రాయికి కరెంటు ఎక్కడిది?"

ఆవిడ కొండ వైపు చూపించింది. "అంత ఎత్తున ఉంది కదా, అదే. ఎప్పుడో భూమి ఆ రాళ్ళని పైకి నెట్టింది. ఎన్ని కోట్ల ఏళ్ళయిందో. ఆ బలం ఇన్నాళ్ళూ వాటిలోనే ఉంది. ఇప్పటిదాకా మనం వాటిని దించి, ఆ బలాన్నంతా మీ ప్యాడ్లలో కాల్చేశాం."

నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న కొండ అది. ఆ సాయంత్రం మొదటిసారి దాన్ని తలెత్తి చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు నా చొక్కాకి పట్టిన వాసన ఆ కొండ బలమన్నమాట. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, "అయితే ఇక నుంచి నీ బట్టలు అందరివాటితో కలిపి ఉతకొచ్చా?" అంది. దాని బాధ దానిది.

పది ట్రిప్పులయ్యేసరికి బ్యాటరీ ఎనభైకి చేరేది. అప్పుడు మేడం బండిని వర్క్‌షాప్ పక్కనున్న స్తంభానికి తగిలించేది. ఆ స్తంభానికి ఒక మీట ఉంది. కిందికి నొక్కితే బండిలో కరెంటు మాకు వస్తుంది, పైకి ఎత్తితే మా కరెంటు బండికి పోతుంది. మీట ఎప్పుడూ కిందికే ఉండేది. మా దీపాలు, నీళ్ళ పంపు, గాలి కంప్రెసరు, అన్నీ బండి మీదే నడిచేవి. తెల్లారేసరికి బ్యాటరీ మళ్ళీ అరవైకి వచ్చేది. నేను స్పానరు పట్టుకుని ఆ దీపం కింద కూర్చుని, ఈ వెలుతురు పొద్దున కొండ మీద రాయిలో ఉంది కదా అనుకునేవాణ్ణి. అనుకున్న ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది.

అంత మురిసిపోయినా నా పని నేను మానలేదు. వాడని ఇనుము తుప్పు పడుతుంది. చక్రాల్లో ప్యాడ్లు పట్టుకునే డిస్కుల మీద వారానికే ఎర్రటి పొర పేరుకునేది. శనివారం శనివారం ఆ బండిని యార్డులో తిప్పించి, మోటారు బ్రేకు ఆపించి, చిట్టి చేత కాలి బ్రేకు పదిసార్లు గట్టిగా తొక్కించేవాణ్ణి. తుప్పు రాలి డిస్కు మెరిసేదాకా ఒప్పుకునేవాణ్ణి కాదు. మేనేజరు చూసి, "అరగని బ్రేకులకి ఎందుకయ్యా ఈ సేవ?" అన్నాడు. "మీ ఇంటి తలుపుకి గొళ్ళెం ఎందుకు సార్, దొంగ రోజూ వస్తున్నాడా?" అన్నాను. ఆ నెల నాకు సెలవు ఇవ్వలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తాను.

ఆ ఆదివారం క్వారీకి సెలవు. వర్క్‌షాప్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. పని లేక బండి చుట్టూ తిరుగుతూ కేబిన్‌లోకి తొంగి చూస్తే అంకె యాభై ఎనిమిది. రేపు పొద్దున్నే నా కూతురు ఎక్కాల్సిన బండి, సగం కడుపుతో నిలబడి ఉంది. నా మనసు ఊరుకోలేదు.

దానికో కారణం ఉంది. నేను పనిలో చేరిన కొత్తలో ఒక డ్రైవరు సగం ట్యాంకు కూడా లేకుండా పైకెళ్ళాడు. దిగేటప్పుడు వాలులో డీజిల్ అందక ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగితే బ్రేకులకి గాలి లేదు, స్టీరింగు తిరగదు. గట్టుకి గుద్ది ఆపుకున్నాడు గనక ప్రాణం దక్కింది, కాలు మాత్రం పోయింది. ఆ రోజు నుంచి నా చేతుల మీదుగా ఏ బండీ ట్యాంకు నిండకుండా కొండెక్కలేదు. ఎవడూ నాకు నేర్పలేదు, ఎవడూ అడగలేదు. ముప్పై ఏళ్ళ అలవాటది.

స్తంభం మీట మీద మేడం టేపు అంటించి ఉంది. టేపు పీకి, మీట పైకి ఎత్తాను. సాయంత్రానికి వంద చూపించింది. ఆ అంకె చూస్తే, పిల్లకి కడుపు నిండా అన్నం పెట్టి పంపినంత తృప్తి కలిగింది. ఆ అంకె తగ్గకుండా బండిని స్తంభం నుంచి ఊడదీసి, మీట దించి, టేపు ఉన్నది ఉన్నట్టు అంటించేసి ఇంటికెళ్ళాను. చిట్టికి చెప్పలేదు. చేసిన మంచిపని చెప్పుకోవడం నాకు నచ్చదు.

సోమవారం నేను వర్క్‌షాప్‌కి వచ్చేసరికే చిట్టి పైకెళ్ళిపోయింది. మేడం స్తంభం దగ్గర నిలబడి దాని తెరని చూస్తోంది.

"మేస్త్రి గారూ, నిన్న ఈ స్తంభం ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే. ఎవరో బండిని సగంలో వదిలేసి పోతే నింపాను" అన్నాను, కాస్త గొప్పగానే.

ఆవిడ తెర వదిలేసి గభాల్న నా వైపు తిరిగింది. "ఎంతకి నింపారు?"

"నిండా."

"నిండిన బ్యాటరీలోకి ఇంకా ఎక్కడ పోతుందండీ కరెంటు?"

ఆవిడ ఆ మాట అనగానే నా మోచెయ్యి కలుక్కుమంది. ఊడదీసిన వైరు, ఆరిపోయిన బల్బు, నా చేతిలో గిర్రున తిరిగిన వట్టి పిడి గుర్తొచ్చాయి. కరెంటు పోయే దారి లేకపోతే మోటారు పట్టుకోదు. బండి చక్రాలకి నేను ఆ వైరు ఊడదీసి పెట్టాను. నూట అయిదు టన్నుల బండిలో నా కూతురు కూర్చుని ఉంది.

"ఎక్కేటప్పుడు ఎనిమిది ఖాళీ అయ్యుంటుంది కదా" అన్నాను.

"ఎనిమిది ఖాళీ, వచ్చేది పది. పైగా ఆఖర్లో బ్యాటరీ మెల్లగా తీసుకుంటుంది. కిక్కిరిసిన బస్సులోకి జనం ఒక్కొక్కరే దూరినట్టు. అంటే సగం దారి నుంచే బ్రేకు తగ్గిపోతూ వస్తుంది." చెబుతూనే ఆవిడ వాకీటాకీ అందుకుంది. "చిట్టీ, ఎక్కడున్నావ్?"

గరగర తర్వాత మా అమ్మాయి గొంతు వినపడింది. "రెండో మలుపు దాటాను మేడం. తొంభై ఆరు చూపిస్తోంది. పసుపు లైటు వెలిగింది. కాలు తీసినా బండి ఆగట్లేదు, వేగం ముప్పై దాటుతోంది. కాలి బ్రేకు మీదున్నాను."

ఆ రోడ్డు నాకు నా అరచెయ్యి తెలిసినట్టు తెలుసు. రెండో మలుపు తర్వాత అర కిలోమీటరు ఏటవాలు. దాని చివర మూడో మలుపు, మలుపు పక్కన లారీలు తప్పుకోవడానికి చదునైన జాగా. అది దాటితే కిందిదాకా ఎక్కడా చదును లేదు. కాలి బ్రేకు మీద కాలు అలాగే నొక్కి పట్టుకుని దిగితే కిలోమీటరులో ప్యాడ్లు నిప్పులవుతాయి. నిప్పయిన ప్యాడు డిస్కుని పట్టుకోదు, జారుతుంది. అలా జారిన బండ్లని నేను ఇనుప తుక్కుగా విప్పాను.

వాకీటాకీ మేడం చేతిలోంచి లాక్కున్నాను. "చిట్టీ, నేను. బ్రేకు మీద కాలు అలాగే ఉంచావా?"

"ఉంచాను నాన్నా."

"ఉంచకు. గట్టిగా తొక్కు, పదికి దించు, పూర్తిగా వదిలెయ్యి. ఇరవై దాటగానే మళ్ళీ తొక్కు. మధ్యలో ఊపిరి పీల్చుకోనియ్యి దాన్ని. ఆ మోటారు ఎంత పట్టుకుంటే అంత పట్టుకోనీ, నువ్వు కాలు మాత్రం నానబెట్టకు."

"సరే."

"మూడో మలుపు దగ్గర చదునులోకి తిప్పి ఆపెయ్. దాటిపోకు. అర్థమైందా?"

"అర్థమైంది. ఇప్పుడు మాట్లాడించకు."

వాకీటాకీ గరగరలాడి ఊరుకుంది. నేను కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. చెవులు రిక్కించాను. ఏం వినాలి? ఆ బండికి చప్పుడే లేదు. ఎనిమిదేళ్ళు చెవితో కాపలా కాశాను, కావాల్సిన రోజు చెవి పనికిరాలేదు. దుమ్ము ఒక్కటే కనపడింది, రెండో మలుపు నుంచి మూడో మలుపు వైపు తెల్లగా జారుతూ వస్తోంది. ఆగింది, మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. తొక్కుతోంది, వదులుతోంది. నేను చెప్పినట్టే చేస్తోంది నా తల్లి. మేడం నా భుజం పట్టుకుని ఉందని చాలాసేపటికి గాని గమనించలేదు.

నేను దేవుణ్ణి తలుచుకోలేదు, నిజం చెప్తున్నాను. శనివారం మెరిసిన డిస్కులని తలుచుకున్నాను. ఎడమ వెనక చక్రంలో ఒక మూల ఎర్రగా ఉంటే, ఇంకో నాలుగుసార్లు తొక్కమని చిట్టిని విసిగించాను. అది తిట్టుకుంటూ తొక్కింది. ఆ మూల కూడా మెరిసింది కదా, మెరిసింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

దుమ్ము మూడో మలుపు దగ్గర పక్కకి తిరిగింది. అక్కడే ఆగి, మెల్లగా గాల్లో కలిసిపోయింది.

"ఆగాను" అంది వాకీటాకీ. "హ్యాండు బ్రేకు వేశాను. నాలుగు చక్రాల్లోంచీ పొగలొస్తున్నాయి. నేను బాగానే ఉన్నాను."

నేను అక్కడే ఉన్న టైరు మీద కూర్చుండిపోయాను. తర్వాత సంగతి మేడం చూసుకుంది. చదునులోనే రాయి పారబొయ్యమంది. అరవై టన్నులు అక్కడ దిగిపోతే, మిగిలేది సగం కంటే తక్కువ బరువు, దాన్ని కాలి బ్రేకే దించుకోగలదు. "తొట్టి ఎత్తడానికి కూడా బ్యాటరీ కాస్త తింటుంది, మనకి ఇప్పుడు అదీ లాభమే" అంది. చక్రాలు చల్లారేదాకా ముక్కాలు గంట ఆగి, చిట్టి ఒట్టి బండితో దిగింది.

వర్క్‌షాప్ ముందు బండి ఆగేసరికి నేను ముందే అక్కడ ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ వాసన మళ్ళీ వచ్చింది. ఆ బండి నుంచి రాకూడని వాసన అది. ఎందుకు చేశానో తెలియదు, చక్రం మధ్య ఇనుము మీద అరచెయ్యి పెట్టాను. చర్మం చురుక్కుమంది. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి లాగేసింది.

"పిచ్చా నాన్నా నీకు?"

"నేనే నింపానే" అన్నాను. "నిన్న నేనే మీట ఎత్తాను. నిన్ను నేనే చంపబోయాను."

చిట్టి నా అరచేతిని నీళ్ళ గొట్టం కింద పెట్టింది.

"నాకు తెలుసు" అంది. "పొద్దున వంద చూడగానే నీ పనే అనుకున్నా. ట్యాంకు నింపకుండా నువ్వు ఎవర్ని పంపావు గనక? నిండితే బ్రేకు తగ్గుతుందని మేడం ట్రైనింగులో చెప్పింది. ఎక్కితే ఎనిమిది ఖాళీ అవుతుంది, ఆఖరి రెండింటికీ కాలి బ్రేకు చాలులే అని లెక్క వేసుకున్నా. అంత ముందే తగ్గుతుందనుకోలేదు."

"అయినా ఒక్కసారి అడగొచ్చు కదే."

"వేరేవాళ్ళు నింపుంటే అడిగేదాన్ని. బ్రేకుల సంగతిలో నాన్నని అడిగేదేముంది అనుకున్నా."

ముప్పై ఒక్క ఏళ్ళలో నన్ను ఎందరో తిట్టారు. ఏ తిట్టూ అంత లోతుగా దిగలేదు. నేను ముఖం అటు తిప్పుకున్నాను. అది మాత్రం నా చెయ్యి నీళ్ళ కింద నుంచి తియ్యలేదు.

మేడం నన్ను ఏమీ అనలేదు. మీట ఎందుకు ముట్టుకోకూడదో టేపు మీద రాయకపోవడం తన తప్పంది. మేనేజరు దగ్గర ఇద్దరం సమంగా చివాట్లు తిన్నాం. ఆ మధ్యాహ్నమే స్తంభానికి తాళం పడింది. ఎరుపు రంగు డబ్బా తీసుకుని, కట్టు కట్టిన చేత్తోనే, స్తంభం మీద పెద్ద అక్షరాలతో రాశాను: దిగే బండికి లోపల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే బ్రేకు లేదు. నా రాత కోడి గెలికినట్టుంటుంది, అయినా ఇరవై అడుగుల నుంచి కనపడుతుంది.

డిస్కులూ ప్యాడ్లూ విప్పి, కాలినవి మార్చి, నాలుగు రోజుల తర్వాత బండిని అప్పజెప్పాను. అంకె అరవై. చిట్టి కేబిన్ తలుపు తెరిచి, "ఎక్కు నాన్నా" అంది. ముప్పై ఒక్క ఏళ్ళలో రాయి ఎత్తుకుని దిగే బండిలో నేనెప్పుడూ కూర్చోలేదు. ఆ సంగతి దానికి తెలుసు. భయమని చెప్పుకోలేక పనుందని తప్పించుకునేవాణ్ణి. ఆ రోజు నోరెత్తకుండా ఎక్కాను.

పైన రాయి పడుతుంటే బండి కుంగింది. యాభై రెండు. చిట్టి నెమ్మదిగా వాలులోకి దించి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. రెండు కాళ్ళూ నేల మీద పెట్టుకుని కూర్చుంది. నూట అయిదు టన్నులు కొండ మీంచి జారుతోంది, బ్రేకు మీద ఎవరి కాలూ లేదు. కింద నుంచి సన్నటి ఈల లాంటి మోత తప్ప ఏమీ వినపడలేదు. ఏదో పెద్ద చెయ్యి వెనక నుంచి మమ్మల్ని మెత్తగా పట్టుకుని దించుతున్నట్టుంది. యాభై మూడు. రెండో మలుపు దగ్గర యాభై ఆరు. మూడో మలుపు చదునులో మా అరవై టన్నుల గుట్ట ఇంకా అక్కడే ఉంది. చిట్టి దాని వైపు చూడలేదు, నేను చూశాను. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. కిటికీలోంచి కొండ వెనక్కి పోతోంది, దాని బలం అంకె అంకెగా మా కాళ్ళ కిందికి వచ్చి చేరుతోంది. నా కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు.

కింద క్రషర్ ముందు బండి నడక వేగానికి వచ్చింది. మోత సన్నగిల్లి ఆగిపోయింది. మోటారు పట్టు వదిలేసిందని నాకు నడుములోనే తెలిసింది. బండి ఇంకా మెల్లగా ముందుకు దొర్లుతోంది.

"ఇక్కడి నుంచి నీదే నాన్నా" అని చిట్టి కాలి బ్రేకు తొక్కింది.

బండి ఆగింది. అంకె అరవై రెండు దగ్గర నిలబడింది. కిందికి దిగి, కట్టు లేని చెయ్యి చక్రం మీద పెట్టి చూశాను. చల్లగా ఉంది.